అర్రేలో బైనరీ ట్రీ: ఏళ్ల వాడకం తర్వాత, రూట్ దగ్గర మిగిలిన ఫిర్యాదు

నిర్ణీత సమయానికి నడవవలసిన పనులను వరుసలో పెట్టే ప్రోగ్రాములు రాయడం నా ఉద్యోగం కాబట్టి, పూర్తి బైనరీ ట్రీని అర్రేలో దాచే పద్ధతిని హీప్ రూపంలో ఏళ్లుగా వాడుతున్నాను. ఇండెక్స్ `i` దగ్గరి నోడ్‌కు పిల్లలు `2i+1`, `2i+2` దగ్గర, పేరెంట్ `(i-1)/2` దగ్గర ఉంటాయన్నది అందరికీ తెలిసిందే. పాయింటర్ ఒక్కటి కూడా దాచకుండానే కింది నుంచి పైకి ఎక్కగలగడం నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే ఇష్టమైన గుణం. నా ఫిర్యాదు కూడా ఆ పేరెంట్ సూత్రం మీదే.

మా బృందంలో ఏళ్లపాటు పేచీ లేకుండా నడిచిన ఒక సి కోడ్‌ను పైథాన్‌లోకి మార్చారు. కొత్తగా చేరిన విలువను పైకి జరిపే భాగం ఇది:

```
while True:
    p = (i - 1) // 2
    if a[i] >= a[p]:
        break
    a[i], a[p] = a[p], a[i]
    i = p
```

రూట్‌కు చేరామా లేదా అన్న తనిఖీ ఇందులో లేదు. పాత సి కోడ్‌లోనూ లేదు, అయినా అక్కడ ఇబ్బంది రాలేదు. సి భాషలో `int` రకపు -1ని 2తో భాగిస్తే ఫలితం సున్నా వైపు తెగి 0 అవుతుంది కాబట్టి, రూట్ తనతో తానే పోల్చుకుని ఆగిపోయేది. పైథాన్‌లో `-1 // 2` విలువ -1. పైగా `a[-1]` అంటే అక్కడ తప్పు కాదు, అర్రేలోని చివరి విలువ. అంటే రూట్‌కు పేరెంట్‌గా చిట్టచివరి ఆకు వచ్చి కూర్చుంటుంది, ఎర్రర్ మాత్రం రాదు.

ఎన్నో నిమిషంలో నడవాలో ఆ సంఖ్యలే ఉన్న `[4, 9, 7, 12, 10]` అనే హీప్‌లో 2ను చేర్చి చూద్దాం. అది ఇండెక్స్ 5 దగ్గర మొదలై, ముందు 7తో, తర్వాత 4తో స్థానం మార్చుకుని `[2, 9, 4, 12, 10, 7]` దగ్గరకు వస్తుంది. అక్కడ ఆగవలసింది ఆగకుండా చివరనున్న 7తో పోల్చుకుని, 2 చిన్నది కనుక మళ్లీ స్వాప్ జరిగి `[7, 9, 4, 12, 10, 2]` అవుతుంది. ఇప్పుడు `i` విలువ -1, దాని పేరెంట్ కూడా -1, కాబట్టి లూప్ ప్రశాంతంగా ముగుస్తుంది. అన్నిటికంటే ముందు నడవవలసిన పని అన్నిటికంటే వెనక్కి పోయింది. 2వ నిమిషపు పని, దానితోపాటు 4వ నిమిషపు పని కూడా 7వ నిమిషం దాకా ఆగిపోతాయి.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమైందో చెప్పాలి. 7ను తీసేయగానే చివరనున్న 2 రూట్ స్థానానికి వస్తుంది, మధ్యలో మరో పుష్ జరగకపోతే హీప్ తనంతట తానే సరైపోతుంది, లాగ్‌లో ఒక్క పని వరుస తప్పినట్టు కనిపించి మిగతావన్నీ సక్రమంగా ఉంటాయి. పైగా కొత్త విలువ ఉన్నవాటన్నిటికంటే చిన్నదై రూట్ దాకా ఎక్కినప్పుడే ఇది జరుగుతుంది కాబట్టి, ఆరోహణ క్రమంలో విలువలు చేర్చే పరీక్షలన్నీ పాసవుతాయి. చివరకు ప్రతి పుష్ తర్వాత 1 నుంచి `n-1` దాకా ప్రతి `i`కీ `a[(i-1)//2] <= a[i]` అవునో కాదో చూసే చిన్న తనిఖీ పెట్టాకే దొరికింది. మరమ్మతు ఒక్క పదం: `while i > 0`. పైథాన్ సొంత `heapq` కూడా పైకి జరిపే లూప్‌ను ఇలాంటి హద్దుతోనే నడుపుతుంది. సి లోనైనా ఇండెక్స్‌ను `size_t`గా మార్చిన రోజున ఆ సౌకర్యం పోతుంది. సున్నాలోంచి ఒకటి తీస్తే బ్రహ్మాండమైన సంఖ్య వస్తుంది, మామూలుగా ప్రోగ్రామ్ అక్కడే కూలుతుంది. నిజానికి అలా కూలడమే నయం.

అప్పటి నుంచి సి లో రాసేటప్పుడు రూట్‌ను ఇండెక్స్ 1 దగ్గరే పెడుతున్నాను. పిల్లలు `2i`, `2i+1`, పేరెంట్ `i/2`. రూట్ పేరెంట్ 0 దగ్గరకు వెళుతుంది, ఆ ఖాళీ గడిలో ఏ సమయం కంటేనైనా చిన్నదైన విలువ ఒకటి పెడితే లూప్ దానంతటదే ఆగుతుంది. 13ను బైనరీలో రాస్తే 1101. చివరి అంకె చెరుపుతూ పోతే 110, 11, 1, అంటే 6, 3, 1 అనే పూర్వీకులు వరుసగా బయటపడతారు. ఇది చూసినప్పుడల్లా నాకు సంతోషమే.

అయితే పాయింటర్లు అక్కరలేదన్న నా పాత మాటను కొంత సవరించుకోవాలి. మధ్యలో ఉన్న పనిని రద్దు చేయాలంటే అది ప్రస్తుతం ఏ ఇండెక్స్‌లో ఉందో తెలియాలి, ప్రతి స్వాప్‌తోనూ అది మారుతుంది కాబట్టి పని నుంచి ఇండెక్స్‌కు వేరే పట్టిక ఉంచక తప్పలేదు. నా వరుసల్లో రద్దులు తక్కువ, చేర్చడాలూ చిన్నదాన్ని తీయడాలూ ఎక్కువ. అందువల్ల నాకు ఈ పద్ధతే సరిపోతోంది. చేర్చిన పనుల్లో చాలా భాగం రద్దయ్యే చోట, ఉదాహరణకు నెట్‌వర్క్ టైమ్‌అవుట్లలో, ఆ పట్టిక ఖర్చును కూడా లెక్కలో వేసుకున్నాకే దీన్ని ఎంచుకుంటాను.