రెండు మీటర్ల ధారకు ఏది మేలు: సన్న నాజిలా, పెద్ద పంపా?

ఫౌంటెన్ పెట్టాలనుకున్నవారు రాణిగంజ్‌లో పంపుల దుకాణానికి వెళ్లగానే అడిగేది ‘ఎన్ని హెచ్‌పీ మోటారు తీసుకోవాలి?’ అని. హెచ్‌పీతో మొదలుపెడితే సరైన పంపు దొరకడం కష్టం. ధార ఎంత ఎత్తు లేస్తుందనేది నాజిల్ దగ్గర నీటికున్న ఒత్తిడిని బట్టి ఉంటుంది. ఆ ఎత్తుకు ఎంత నీరు కావాలనేది నాజిల్ రంధ్రాన్ని బట్టి ఉంటుంది. ముందు ఎత్తు, తర్వాత నాజిల్, చివరికి పంపు. ఈ వరుస తిరగబడితే డబ్బు వృథా.

హైదరాబాద్ మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు ఆవరణ ఉందనుకుందాం. మధ్యలో 4 మీటర్ల వ్యాసమున్న గుండ్రటి తొట్టి. అందులో ఒకే ఒక్క నిలువు ధార కావాలి. ఎత్తు 2 మీటర్లు చాలు, అంతకు మించి వద్దు. గాలి తగిలే చోట ధార ఎత్తు తొట్టి వ్యాసంలో సగం దాటకుండా చూసుకోవాలి. దాటితే పడే నీళ్లు తొట్టిలో కాకుండా నడిచే దారిలో పడతాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా నగరంలో వీచే పడమటి గాలులను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

నీరు 2 మీటర్లు లేవాలంటే నాజిల్ నుంచి సెకనుకు సుమారు 6.3 మీటర్ల వేగంతో బయటికి రావాలి. ఇది లెక్కలో వచ్చే వేగం. గాలి అడ్డుకోవడం, నాజిల్‌లో రాపిడి కూడా ఉంటాయి కాబట్టి నాజిల్ దగ్గర 2 మీటర్ల హెడ్, అంటే నీటి ఎత్తుగా కొలిచే ఒత్తిడి, సరిపోదు, 2.4 మీటర్లు ఉంచుకోవడం మంచిది. పైపు, వంపులు, వాల్వు కలిసి మరో 0.3 మీటరు తింటాయి. నాజిల్ కొస నీటిమట్టానికి కొంచెం పైన ఉంటుంది, దానికి 0.1. అంతా కలిపితే 2.8 మీటర్లు. పంపు నీటి అడుగున ఎంత లోతులో ఉందన్నది ఈ లెక్కలోకి రాదు, ఎత్తును నీటిమట్టం నుంచే కొలవాలి.

ఇక నీరు. 10 మిల్లీమీటర్ల రంధ్రమున్న నాజిల్‌కు ఈ ఒత్తిడి దగ్గర గంటకు దాదాపు 1,900 లీటర్లు కావాలి. 6 మిల్లీమీటర్ల నాజిల్‌కు 700 లీటర్ల లోపే చాలు. రంధ్రం వ్యాసం కొంచెం తగ్గినా వైశాల్యం చాలా తగ్గుతుంది, అందుకే ఇంత తేడా.

ఇప్పుడు మూడు దారులు. మొదటిది, లేబుల్ మీద గరిష్ఠ ఎత్తు 3 మీటర్లు, గరిష్ఠ ప్రవాహం గంటకు 3,000 లీటర్లు అని రాసిన చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు. రెండోది, 4.5 మీటర్లు, 4,000 లీటర్లు అని రాసినది. మూడోది, ఇంటి మీది ట్యాంకుకు నీళ్లెక్కించే అర హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు.

మొదటి పంపు లేబుల్ చూస్తే మనకు కావలసిన 2.8 మీటర్లు, 1,900 లీటర్లు రెండూ అందులో ఇమిడిపోయినట్లే కనిపిస్తాయి. కొనేవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఆ రెండు అంకెలు ఎప్పుడూ కలిసి రావు. 3 మీటర్ల ఎత్తు దగ్గర ప్రవాహం సున్నా, 3,000 లీటర్లు వచ్చేటప్పుడు ఎత్తు సున్నా. మధ్యలో ఏమవుతుందో చెప్పేది పంపుతో వచ్చే గ్రాఫు. సాధారణంగా ఉండే వంపును బట్టి లెక్కిస్తే, ఈ పంపు 1,900 లీటర్ల దగ్గర ఇచ్చే హెడ్ 1.8 మీటర్లే. 10 మిల్లీమీటర్ల నాజిల్ తగిలిస్తే ప్రవాహం సుమారు 1,640 లీటర్ల దగ్గర కుదురుకుంటుంది, ధార ఒకటిన్నర మీటరు దగ్గరే ఆగిపోతుంది.

అదే పంపుకు 6 మిల్లీమీటర్ల నాజిల్ పెడితే కథ మారుతుంది. నీరు తక్కువ పోతుంది కాబట్టి ఒత్తిడి నిలుస్తుంది, ధార 2 మీటర్లు అందుకుంటుంది. పెద్ద పంపు కొనకుండానే ఎత్తు వచ్చిందని సంతోషించవచ్చు, కానీ ఆ ధార పుల్లలా సన్నగా ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ చిన్న చిన్న బిందువులుగా విడిపోతుంది, ఓ మోస్తరు గాలికే పక్కకు ఒరిగిపోతుంది. నలువైపులా గోడలున్న లోపలి ముంగిట్లో ఇది అందంగానే ఉంటుంది. అక్కడైతే నేను దీన్నే సిఫారసు చేస్తాను, విద్యుత్తు కూడా తక్కువ. ఆరుబయట మాత్రం వద్దు.

రెండో పంపు 1,900 లీటర్ల దగ్గర దాదాపు 3.5 మీటర్ల హెడ్ ఇస్తుంది. మనకు కావలసింది 2.8. మిగిలినదాన్ని బాల్ వాల్వుతో కొద్దిగా అదుపు చేస్తే ధార సరిగ్గా 2 మీటర్ల దగ్గర నిలుస్తుంది. పంపు నీటిని లాగే జాలిలో కొంత చెత్త చేరినా, పైపులో కాస్త పాచి పట్టినా వాల్వు మరికాస్త తెరిచి సర్దుకోవచ్చు. ఆ వెసులుబాటు కోసమే పంపును కొంచెం పెద్దది తీసుకోవాలి. వాల్వును నాజిల్‌కు ఆనించి పెట్టకూడదు. దాని దగ్గర సుడి తిరిగిన నీరు అలాగే బయటికి వస్తే గాజు కడ్డీలా ఉండాల్సిన ధార చిట్లిపోతుంది. వాల్వు పంపు వైపు ఉండాలి, నాజిల్‌కు ముందు కొంత పొడవు నిటారు పైపు ఉండాలి.

అర హెచ్‌పీ మోటారు సంగతి త్వరగా తేల్చవచ్చు. రెండు మూడు అంతస్తులకు నీళ్లెక్కించే ఒత్తిడిని 2.8 మీటర్లకు దించాలంటే వాల్వును దాదాపు మూసేయాలి. మిగిలిన శక్తి అంతా వాల్వులో, మోటారు వేడిలో పోతుంది. రోజుకు 4 గంటలు నడిపితే ఇది నెలకు అరవై పైచిలుకు యూనిట్లు తీసుకుంటుంది. దాదాపు 100 వాట్లుండే రెండో పంపుకు 12 యూనిట్లు చాలు. ఇంట్లో పాత మోటారు ఉంది కదా అని దాన్ని వాడేయడం నిజానికి పొదుపు కాదు.

కాబట్టి మియాపూర్ ఆవరణకు నా ఎంపిక రెండో పంపు, 10 మిల్లీమీటర్ల నాజిల్. తెల్లగా నురగలా లేచే ధార కావాలంటే మాత్రం ఈ లెక్క పనికిరాదు. నురగ నాజిల్ గాలిని కలుపుకుంటుంది కాబట్టి అదే ఎత్తుకు ఎన్నో రెట్లు నీరు అడుగుతుంది. దాని తయారీదారు పట్టికలో ఆ ఎత్తు ఎదురుగా ఉన్న హెడ్, ప్రవాహం చూసి పంపును మళ్లీ వెతుక్కోవాలి. తొట్టిలో నీటిమట్టం తగ్గినా పెరిగినా చాలా నురగ నాజిళ్ల ధార మారిపోతుంది. ఏప్రిల్, మే ఎండల్లో నీరు త్వరగా ఆవిరయ్యే మన దగ్గర ఇది చిన్న విషయం కాదు.

పంపు ఏదైనా దాని కరెంటు లైనుకు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. పిల్లలు చేతులు పెట్టే నీళ్లు అవి.

నడపడం మొదలయ్యాక వచ్చే ఇబ్బంది ఎక్కువగా బోరు నీటిదే. ఆ కఠిన జలం నాజిల్ అంచున తెల్లటి పొర కడుతుంది. 6 మిల్లీమీటర్ల రంధ్రానికి ఆ పొర త్వరగా అడ్డుపడుతుంది, 10 మిల్లీమీటర్లది ఎక్కువ కాలం తట్టుకుంటుంది. లోపం ఎక్కడుందో ధారే చెబుతుంది. ధార ఎత్తు తగ్గకుండా సన్నబడినా, ఒక పక్కకు వంగినా, చీలినా నాజిల్‌లో పొర కట్టినట్టు. దాన్ని విప్పి వెనిగర్‌లో రాత్రంతా నానబెడితే పొర వదులవుతుంది. గుండుసూదితో గీకవద్దు, అంచు గీసుకుపోతే ధార మళ్లీ నున్నగా రాదు. అలా కాకుండా ధార లావు మారకుండా ఎత్తు మాత్రమే రోజురోజుకూ తగ్గుతుంటే నాజిల్‌ను ముట్టుకోవద్దు. పంపును ఆపి, ప్లగ్గు తీసేసి, అడుగునున్న జాలిలో ఆకులూ పాచీ పేరుకున్నాయేమో చూడండి.