రెండు వాక్యాల జవాబు: రెండున్నరేళ్ళు వాడి చూశాక

మా పాపకు నాలుగేళ్ళు నిండిన నెలలోనే నేనూ మా ఆవిడా ఒక నియమం పెట్టుకున్నాం. పాప ఏది అడిగినా జవాబు రెండు వాక్యాలు దాటకూడదు. అందులో తనకు తెలియని మాట ఒక్కటి కూడా ఉండకూడదు. జవాబు తప్పు కాకూడదు, అంటే రేపు పెద్దయ్యాక "అది అలా కాదమ్మా" అని వెనక్కి తీసుకోవాల్సిన మాట చెప్పకూడదు. ఇప్పుడు పాపకు ఆరున్నరేళ్ళు. ఈ పద్ధతి ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ చేతులెత్తేసిందో రాస్తున్నాను.

అంతకు ముందు నేను చేసిన తప్పు ఎక్కువ చెప్పడం. నక్షత్రాలు ఎందుకు మిణుకుమంటాయని అడిగితే గాలి పొరల దగ్గర మొదలుపెట్టి ఎటో వెళ్ళేవాడిని. నేను ముగించేసరికి పాప చీమల వరుస చూస్తూ ఉండేది. ఆ వయసులో "ఎందుకు" అంటే చాలాసార్లు "దాని గురించి ఇంకొంచెం చెప్పు" అనే అర్థమని నాకు తెలియడానికి కొన్ని నెలలు పట్టింది. ఇంకొంచెం అంటే ఇంకొంచెమే.

ఈ పద్ధతి మొదట బాగా పనిచేసింది వంటింట్లో. ఒక ఆదివారం మా ఆవిడ పూరీలు వేయిస్తోంది. పొయ్యికి దూరంగా పీట వేసుకుని కూర్చున్న పాప, "పూరీలోకి గాలి ఎవరు ఊదారు?" అంది. "ఎవరూ ఊదలేదు. పిండిలో ఉన్న నీళ్ళు వేడికి ఆవిరై, బయటికి పోవడానికి దారి లేక పూరీని ఉబ్బించాయి" అన్నాను. వెంటనే, "దారి ఉంటే?" అని అడిగింది. నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. ఒత్తిన పూరీ ఒకటి తీసి ఫోర్కుతో పది పదిహేను చోట్ల పొడిచి పాపకు చూపించాను. మా ఆవిడ దాన్ని నూనెలో వేసింది. అది పొంగలేదు, అప్పడంలా బల్లపరుపుగా వేగింది. దాని చిల్లుల్లోంచి బుడగలు వస్తుంటే, "అదిగో, ఆవిరి పారిపోతోంది" అంది పాప. మరో వారం గారెలు వేయిస్తుంటే చుట్టూ వస్తున్న బుడగలు చూసి, అవి కూడా ఆవిరేనా అని అడిగింది. అవును, ఆవిరే. ఆ మాట నేను చెప్పకముందే పాపకు తట్టింది.

జవాబు పనిచేసిందో లేదో నేను తెలుసుకునేది ఇలాగే. తరువాతి ప్రశ్న నేను చెప్పిన దానిలోంచి పుడితే జవాబు చేరినట్టు. అదే ప్రశ్న రెండు రోజుల తరువాత మళ్ళీ వస్తే చేరనట్టు. మూడో రకం కూడా ఉంది. పాప ఆ జవాబును నానమ్మకు తన మాటల్లో చెబుతుంది. అందులో ఏ ముక్క జారిపోయిందో వింటే, నేను ఏ మాట కఠినంగా వాడానో తెలుస్తుంది.

జంతువుల ప్రశ్నల్లో నాకు ఎంతో ఇష్టమైనది చిలుకది. పెరట్లో మిరపపండు కొరుకుతున్న చిలుకను చూసి, "దానికి కారం లేదా?" అంది. "మనకు మంట పుట్టించే సరుకు పిట్టల నోటికి తగలదు. అందుకే పిట్టలు మిరపపండ్లు తిని, గింజలను దూరంగా రెట్టలో వేస్తాయి, అక్కడ కొత్త మొక్క వస్తుంది" అన్నాను. ఇందులో రెండో వాక్యం పొడవుగా ఉందని ఒప్పుకుంటాను. కానీ రెట్ట అనే మాట వినగానే పాప కళ్ళు మెరిశాయి, ఇక అది మరచిపోయే ప్రశ్నే లేదు. అదే నెలలో పచ్చడి తిని నోరు మండినప్పుడు నీళ్ళు వద్దని, పెరుగు కావాలని అడిగింది. మంట పుట్టించే ఆ సరుకు నీళ్ళలో కరగదు, పాలల్లో, పెరుగులో ఉండేవి దాన్ని పట్టుకుని పోతాయి అని అంతకు ముందు చెప్పి ఉన్నాను.

ఇక విఫలమైనది. వ్యోమగాములు ఓడలో తేలుతున్న వీడియో చూసి, "వాళ్ళు కింద పడరేం?" అంది. నేను బస్సుకు వెళ్ళే తొందరలో, "అంత పైన భూమి లాగదు" అనేశాను. పొట్టిగా ఉంది, సులువుగా ఉంది, పాప తృప్తి పడింది. నాలుగు నెలల తరువాత చందమామ ఎక్కడికీ పారిపోదేం అని అడిగితే, భూమి దాన్ని లాగి పట్టుకుంటుంది అన్నాను. పాప కాసేపు ఆగి, "చందమామ వాళ్ళ ఓడకన్నా దూరం కదా నాన్నా?" అంది. ఓడ తిరిగేది దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున. చందమామ ఉన్నది 3,84,000 కిలోమీటర్ల దూరాన. నా రెండు జవాబులూ ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి, దాన్ని పట్టుకున్నది ఐదేళ్ళ పిల్ల.

అప్పుడు నిజం చెప్పాను. "నాన్న తప్పు చెప్పాడు. భూమి అక్కడా లాగుతుంది, వాళ్ళూ ఓడా కలిసి పడుతూనే ఉంటారు, కానీ చాలా వేగంగా ముందుకు పోతుంటారు గనుక నేలను తాకకుండా చుట్టూ తిరుగుతారు." మాట పాపకు అందలేదు. పడుతూ ఉండటానికీ తేలడానికీ ఏమిటి సంబంధం?

ఆ సాయంత్రం ప్లాస్టిక్ సీసాకు అడుగున పక్కగా మేకుతో చిల్లు పెట్టి, నీళ్ళు నింపి, మూత తీసి ఉంచి, మెట్ల మీద నిలబడ్డాను. కింద పెద్ద తొట్టి. సీసాను చేత్తో పట్టుకున్నంత సేపూ చిల్లులోంచి నీళ్ళు ధారగా పడ్డాయి. వదిలేశాను. పడుతున్న ఆ క్షణంలో ధార ఆగిపోయింది. ఆరేడుసార్లు వదిలించింది పాప, ధార ఆగుతుందో లేదోనని ప్రతిసారీ మోకాళ్ళ మీద వంగి చూసింది. సీసాతోపాటు నీళ్ళూ పడుతున్నాయి గనుక సీసాలోంచి బయటికి పోవడం లేదు, ఓడలో మనుషులూ అంతే అని ఒక్క వాక్యం చెప్పాను. అది చాలింది. అప్పటినుంచి తొందరలో ఉన్నప్పుడు జవాబు చెప్పడం మానేసి, ఫ్రిజ్ మీద చీటీ అంటిస్తున్నాం. చీటీ మీద ప్రశ్న రాసే పని ఇప్పుడు పాపదే.

కోడిగుడ్డు ప్రశ్న మాత్రం అందరికీ వస్తుంది కాబట్టి చెబుతాను. "దీనిలో పిల్ల ఉందా?" అంటే తడబడాల్సిన పని లేదు. "కోడి పుంజు దగ్గర లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, అలాంటి గుడ్డులోంచి పిల్ల రాదు. అంగడిలో మనం కొనేవి దాదాపు అన్నీ అలాంటివే." మా పాప తల ఊపి అట్టు తిన్నది. ఇంకా అడిగితే ఇంకో వాక్యం చెబుదాం, అడగకపోతే అక్కడితో సరి.

ఆరేళ్ళు దాటాక పద్ధతి సరిపోవడం లేదని కూడా చెప్పాలి. ఇప్పుడు ప్రశ్న మారింది. "ఎందుకు" తగ్గి, "నీకెలా తెలుసు?" మొదలైంది. దీనికి రెండు వాక్యాలు చాలవు. చందమామ దూరం ఎలా కొలిచారంటే, 1969లో అక్కడికి వెళ్ళిన మనుషులు ఒక ప్రత్యేకమైన అద్దాల పెట్టె పెట్టి వచ్చారని, ఇక్కడి నుంచి లేజర్ వెలుగు పంపితే అది అద్దానికి తగిలి సుమారు రెండున్నర సెకన్లలో తిరిగి వస్తుందని, ఆ సమయాన్ని బట్టి దూరం లెక్కిస్తారని చెప్పాను. నాలుగు నిమిషాలు పట్టింది, పాప కదలలేదు.

ఆ రాత్రి డాబా ఎక్కి టార్చి చందమామ మీదికి వేసి, "ఒకటి, రెండు" అని లెక్కపెట్టి, సగానికి చిటిక వేసింది. "రాలేదు నాన్నా" అంది. మన టార్చి వెలుగు దారిలోనే చెదిరిపోతుందని చెప్పాను. లేజర్ ఎందుకు చెదరదు అని అడిగింది. అదీ కొంచెం చెదురుతుంది. ఆ ప్రశ్న ఇంకా ఫ్రిజ్ మీద చీటీగా ఉంది.