చెరకు కాండం తొలిచే పురుగుకు ఏది మేలు: ట్రైకోగ్రామానా, కొటీసియానా?

చెరకు తోటలో కాండం తొలిచే పురుగు మీదికి రెండు రకాల బదనికలను వదులుతారు. ట్రైకోగ్రామా ఖిలోనిస్ పురుగు గుడ్లను వెతుక్కుంటుంది, కొటీసియా ఫ్లావిపెస్ కాండంలోకి చేరిన పురుగును వెతుక్కుంటుంది. రెండూ చిన్న కందిరీగలే, రెండూ పురుగును చంపేవే. అయినా ఒకదాని పనికి రెండోదాన్ని వదిలితే పెట్టిన డబ్బు వృథా. తేడా అంతా వాటి పిల్ల ఆ పురుగులో పెరిగే తీరులో ఉంది.

ట్రైకోగ్రామా అర మిల్లీమీటరు పొడవుంటుంది. ఆకు మీద పెంకుల్లా పరిచినట్టున్న గుడ్ల సముదాయం మీదికెక్కి, ఒక్కో గుడ్డునూ మీసాలతో తడిమి, లోపల తన గుడ్డు పెడుతుంది. సుమారు ఒక రోజులో పిల్ల బయటపడుతుంది. దానికి కాళ్లుండవు, తల కూడా స్పష్టంగా కనిపించదు. చుట్టూ ఉన్న పచ్చసొనను అదే పనిగా తాగి సంచిలా ఉబ్బుతుంది. పెద్దగా ఎదురుదాడి ఉండదు, ఎందుకంటే పురుగు ఇంకా పురుగు కాలేదు. మూడు నాలుగు రోజులకు గుడ్డు లోపలి గోడ నల్లబడుతుంది. వెచ్చని వాతావరణంలో ఎనిమిది నుంచి పది రోజుల్లో పెరిగిన కందిరీగ గుడ్డుకు గుండ్రని రంధ్రం చేసుకుని బయటికొస్తుంది. చెరకును ఒక్క కాటైనా కొరకకముందే శత్రువు పోయినట్టే.

దీనికున్న ఇబ్బంది సమయం. కాండం పురుగు గుడ్లు నాలుగైదు రోజుల్లోనే పొదుగుతాయి. లోపల పిండం ముదిరాక ట్రైకోగ్రామాకు పెద్దగా పనికిరావు, తాజా గుడ్లే కావాలి. తల్లి కందిరీగేమో తోటలో కొద్ది రోజులే బతుకుతుంది. కాబట్టి ఒకసారి వదిలితే చాలదు. రెక్కల పురుగులు గుడ్లు పెట్టే కాలమంతా వారం పది రోజులకోసారి, హెక్టారుకు విడతకు సుమారు 50,000 చొప్పున వదులుతారు. ట్రైకోగ్రామా పట్టిన గుడ్లను అతికించిన కార్డుల రూపంలో ఇది వస్తుంది; ఆ కార్డుల ముక్కలను ఆకు అడుగున, సాయంత్రం పూట పిన్ను చేయాలి. చీమలు చేరితే కార్డు ఖాళీ అవుతుంది, ఆ వారంలో పురుగుమందు కొడితే కందిరీగలు మిగలవు.

కొటీసియా కథ వేరు. పురుగు విసర్జన, గాయపడిన మొక్క వాసన పట్టుకుని తొలిచిన సొరంగంలోకే దూరుతుంది. అక్కడ పురుగు తిరగబడి కొరికితే చాలాసార్లు కందిరీగే చస్తుంది. అయినా ఒక్కసారి పొడిచే అవకాశం దొరికితే పదుల గుడ్లు లోపలికి పోతాయి. పురుగు రక్తంలోని కణాలు పరాయి గుడ్డును చుట్టుముట్టి పొరలు కట్టి ఊపిరాడకుండా చేయగలవు. అందుకే కందిరీగ గుడ్లతోపాటు తన అండాశయంలో తయారైన ఒక వైరస్‌ను కూడా ఎక్కిస్తుంది. ఆ వైరస్ పురుగు రక్షణ కణాలను పనిచేయకుండా ఆపుతుంది. పిల్లలు పొదిగినప్పుడు గుడ్డు పొర నుంచి విడిపోయిన కణాలు కూడా పురుగు రక్తంలో తేలుతూ, ఉబ్బుతూ, పిల్లలకు అనుకూలమైన పదార్థాలను విడుదల చేస్తాయి. పిల్లలు రక్తరసం మీదే బతుకుతాయి. గుండె, నరాలు, జీర్ణనాళం జోలికి పోవు, పురుగు ముందే చస్తే వాటికీ తిండి ఉండదు కనుక. సుమారు రెండు వారాలకు చర్మం చీల్చుకుని ఒక్కసారిగా బయటికొచ్చి, పక్కనే తెల్లని గూళ్లు అల్లుకుంటాయి.

ఈ అద్భుతమైన తీరే కొటీసియా లోపం కూడా. కుట్టిన క్షణం నుంచే పురుగు తినడం ఆపదు, సొరంగం ఇంకాస్త సాగుతుంది. పైగా ఎక్కించిన వైరస్ ప్రతి పురుగు మీదా పనిచేయదు. ఆఫ్రికాలో ఖైలో పార్టెల్లస్ అనే కాండం పురుగును అదుపు చేయడానికి 1990ల్లో కెన్యాలో కొటీసియా ఫ్లావిపెస్‌ను వదిలారు. ఆ పురుగులో అది బాగా స్థిరపడింది, కానీ అక్కడి మరో కాండం పురుగు బుస్సియోలా ఫుస్కాలో దాని గుడ్లు పొరలు కట్టుకుని చచ్చిపోతాయి. అందువల్ల ముందు పురుగు ఏదో తేల్చుకోవాలి.

నా మాట అడిగితే, లేత పిలకల దశలో ట్రైకోగ్రామానే మేలు. అప్పుడు ఒక్క పురుగు దూరినా ఆ పిలక చచ్చినట్టే, కాబట్టి దూరకముందే ఆపాలి. కణుపులు కట్టాక, కాండాన్ని చీల్చి చూస్తే మూడో దశ దాటిన పురుగులు కనిపించినప్పుడు కొటీసియా తప్ప దారి లేదు. బ్రెజిల్ చెరకు తోటల్లో డయాట్రియా పురుగు మీద హెక్టారుకు సుమారు 6,000 కొటీసియాలను వదిలేది ఇలాంటి పురుగులు దొరికినప్పుడే.

పని జరిగిందో లేదో చూడడం కూడా తేలికే. ట్రైకోగ్రామా వదిలిన నాలుగైదు రోజులకు గుడ్ల సముదాయాలను భూతద్దంతో చూడండి. గుడ్డంతా నున్నగా నల్లబడి ఉంటే బదనిక పట్టినట్టు. గుడ్డు లేత రంగులోనే ఉండి లోపల ఒక్క నల్లచుక్క మాత్రం కనిపిస్తే అది పొదగబోతున్న పురుగు తల. కొటీసియా విషయంలో రెండు మూడు వారాలు ఆగి కొన్ని కాండాలు చీల్చాలి. సొరంగంలో ముడుచుకుపోయిన పురుగు, దాని పక్కన తెల్లని గూళ్ల గుత్తి ఉండాలి. అవేమీ లేకుండా పురుగులు బలిసి ప్యూపాలవుతుంటే, తల్లి కందిరీగలు తోటలో చేరకముందే చచ్చాయనో, వదిలేటప్పటికి పురుగులు మరీ చిన్నవనో అనుకోవాలి.