కామెంట్ల షీట్‌లో 'ఆధారం' కాలమ్: నాలుగేళ్లు వాడాక

మా కంపెనీ వార్షిక నివేదికకు ఐదుగురు కామెంట్లు ఇస్తారు. ఎవరి కామెంట్ తీసుకున్నామో, ఏది వదిలేశామో ఎక్సెల్‌లో రాసుకోవడం చాలా ఆఫీసుల్లో ఉన్నదే. నేను చెప్పేది ఆ షీట్‌లో నేను చేర్చిన 'ఆధారం' అనే ఒక్క కాలమ్ గురించి. అది నింపకుండా ఇప్పుడు ఫైనల్ కాపీ ముట్టుకోను.

అంతకుముందు అందరి కాపీలనూ వర్డ్‌లో Combine తో కలిపేసేదాన్ని. ఒక ఏడాది డ్రాఫ్ట్‌లో అమ్మకాలు 13 శాతం పెరిగాయని ఉంది. ఫైనాన్స్ హెడ్ దాన్ని కొట్టేసి 12 అని రాశారు. మార్కెటింగ్ హెడ్ తన కాపీలో 14 అని రాశారు. రాత్రి పదకొండింటికి టెన్షన్‌లో Accept All Changes నొక్కేశాను. 13 పోయింది, ఇద్దరి అంకెలూ పక్కపక్కనే మిగిలాయి: '1214 శాతం'. ప్రూఫ్ చదివిన ఆడిటర్ల టీమ్ పట్టుకుంది కాబట్టి బతికిపోయాం.

అప్పుడు కూడా ఫైనాన్స్ వాళ్ల మాటే ఖాయమనుకుని 12 ఉంచాను. మార్కెటింగ్ హెడ్ ఒప్పుకోలేదు. చివరికి ఇద్దరికీ ఒకే మెయిల్‌లో ఒకే ప్రశ్న వేశాను: "సర్, ఈ అంకె ఏ స్టేట్‌మెంట్‌లోది?" 12 మా కంపెనీ ఒక్కదానిది, అంటే స్టాండలోన్: 400 కోట్లు 448 అయ్యాయి. 14 అనుబంధ సంస్థతో కలిపిన కన్సాలిడేటెడ్ లెక్క: 500 కోట్లు 570 అయ్యాయి. ఇద్దరూ కరెక్టే! తప్పు నా వాక్యంలో ఉంది, ఎవరి అమ్మకాలో అందులో చెప్పలేదు. రెండు అంకెలనూ వాటి పేర్లతో వేస్తే గొడవ అక్కడితో తీరింది. ఆ కాలమ్ పుట్టింది ఆ రోజే. అంకె మార్చమనేవాళ్లు ఏ స్టేట్‌మెంట్, ఏ నోట్ నంబరు అన్నది అందులో రాయాలి.

అయితే కాలమ్ ఉంటే చాలని మొదట్లో అందరికీ చెప్పాను, అది కొంచెం ఎక్కువే. కిందటేడు ఒక అంకెను చైర్మన్ సందేశంలో, బోర్డు నివేదికలో సరిచేశాం. గ్రాఫ్‌లో మాత్రం పాతదే ఉండిపోయింది. అది బొమ్మ కాబట్టి Ctrl+F కు దొరకదు. ఇప్పుడు బొమ్మలున్న పేజీలన్నీ ప్రింట్ తీసి, షీట్ పక్కన పెట్టుకుని చూస్తాను.

మాటల దగ్గర కూడా ఈ కాలమ్ పనిచేయదు. 'గణనీయంగా' అనాలా, 'స్థిరంగా' అనాలా అన్నదానికి నోట్ నంబరు ఎక్కడి నుంచి వస్తుంది? అలాంటివి కంపెనీ సెక్రటరీ గారికి వదిలేస్తాను. ఇంకొకటి, ఆధారం లేని కామెంట్ తీసుకోవద్దని మా ఫైనాన్స్ హెడ్ స్వయంగా అందరికీ మెయిల్ పెట్టారు. ఆ మెయిల్ లేకపోతే నాలాంటి ఎగ్జిక్యూటివ్ అడిగితే పెద్దవాళ్లు ఆ కాలమ్ నింపేవారని నేను అనుకోను.