గుంటూరులో 150 గజాల స్థలంలో బోరు వేయిస్తున్నారా? మీ ఈశాన్యం పక్కవాళ్లకు వాయవ్యం అవుతుంది, జాగ్రత్త

గోరంట్ల వైపు స్థలం కొని ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఈ మధ్య చాలామంది కనిపిస్తున్నారు. బోరు విషయంలో మా ఇంట్లో జరిగింది మీకు జరగకూడదని రాస్తున్నాను.

మాది 150 గజాలు. తూర్పు పడమరలు 30 అడుగులు, ఉత్తర దక్షిణాలు 45 అడుగులు, ఉత్తర ముఖం. ఇల్లు మొదలుపెట్టకముందే బోరు వేయించాం. వాస్తు ప్రకారం ఈశాన్య మూలలో, రెండు గోడలకూ మూడేసి అడుగులు వదిలి పాయింటు పెట్టారు. మా సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో వచ్చింది. రెండింటికీ మధ్య 23 అడుగులు ఉంది కదా, పరవాలేదనుకున్నాం. అప్పటికి తూర్పు పక్క స్థలం ఖాళీ.

ఏడాది తర్వాత తూర్పు పక్కవాళ్లు ఇల్లు కట్టారు. వాళ్లూ వాస్తు చూసుకుని సెప్టిక్ ట్యాంకును వాయవ్యంలో పెట్టుకున్నారు. వాళ్ల వాయవ్యం అంటే మా ఈశాన్యమే. మధ్యలో ఉన్నది ఒక్క కాంపౌండు గోడ. టేపు పెట్టి కొలిస్తే మా బోరు నుంచి వాళ్ల గుంత మధ్యకు ఏడున్నర అడుగులు వచ్చింది. పోనీ ట్యాంకును ఆగ్నేయంలో పెట్టుకుంటే సరిపోతుందా అంటే, ఆ మూల దక్షిణం పక్కవాళ్లకు ఈశాన్యం అవుతుంది. వరసగా ఉన్న చిన్న ప్లాట్లలో అందరూ ఒకే పద్ధతిలో కడితే ఒకరి బోరు పక్కన ఇంకొకరి గుంత తప్పకుండా పడుతుంది. ఈ సంగతి మాకు ఇంజనీరు చెప్పలేదు, మేస్త్రి చెప్పలేదు, బోరు బండి వాళ్లూ చెప్పలేదు.

మురుగునీరు నేలలోకి ఇంకే చోటుకీ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగులు ఉండాలని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2470 చెబుతుంది. మా స్థలంలో ఒక మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా కొలిచినా 54 అడుగులే. కాబట్టి 150 గజాల్లో ఆ దూరం ఎలా సర్దినా రాదు. అందుకే మిగతా రెండు విషయాల మీద పట్టుదలగా ఉండాలి. ఒకటి కేసింగు, అంటే పై మట్టి, మురుగు లోపలికి రాకుండా బోరులో దించే పైపు. రెండోది గుంత అడుగు.

కేసింగు దగ్గరే మేం మోసపోయాం. 40 అడుగుల కేసింగుతో కలిపి ప్యాకేజీ రేటు మాట్లాడుకున్నాం. మా దగ్గర పైన పన్నెండు అడుగులు నల్లరేగడి, దాని కింద పసుపు మొరం, 35 అడుగుల నుంచి మెత్త రాయి, 55 దాటాకే అసలు గట్టి రాయి. 40 అడుగుల దగ్గర డ్రిల్లరు, "రాయి వచ్చేసింది సార్, ఇంక కేసింగు దండగ" అన్నాడు. నమ్మాను. అప్పుడు బయటికొస్తున్న పొడిని చేత్తో పట్టుకుని చూసినా తెలిసేది. అది ఇంకా పసుపుపచ్చగా, తడి చేసి నలిపితే ముద్ద అయ్యేలా ఉంది. గట్టి రాయి తగిలితే పొడి బూడిద రంగులోకి మారుతుంది, వేళ్ల మధ్య గరుగ్గా ఉంటుంది, సుత్తి చప్పుడు కూడా ఖణేల్‌మని మారుతుంది. అలా మారాక ఇంకో ఐదారు అడుగులు రాయిలోకి వెళ్లి అక్కడ పైపు కూర్చోవాలి. మాకు 60 అడుగుల పైపు పడాల్సింది, 40 దగ్గరే ఆగింది. మెత్త రాయి అంతా పగుళ్లే. పైనుంచి దిగిన మురుగు ఆ పగుళ్లలోంచి సూటిగా బోరులోకి వస్తుంది.

ఇంకో తప్పు కూడా జరిగింది. ఏడంగుళాల పైపు దిగడానికి రంధ్రం రెండంగుళాలు ఎక్కువ వెడల్పు చేస్తారు. ఆ సందులో మాకు పక్కన కుప్పపోసిన మట్టినే తోసి పూడ్చారు. అది గట్టిపడదు, మురుగు దిగడానికి దారి అవుతుంది. సన్న పైపును సందులో కిందిదాకా దించి, కింది నుంచి పైకి సిమెంటు పాలు పోయించాలి. 20 అడుగులకు మూడు బస్తాలు సరిపోతాయి. వీలైతే కేసింగు పొడవంతా పోయించండి.

మాకు తెలిసిందెలా అంటే, మొదట వాసన. రాత్రంతా ఆగిన మోటారు పొద్దున వేస్తే మొదటి బకెట్టు కుళ్లిన గుడ్డు వాసన వచ్చేది, తర్వాత తగ్గేది. వానాకాలంలో ఎక్కువైంది, ఎందుకంటే అప్పుడు నేలలో నీటిమట్టం పైకొచ్చి గుంత అడుగే నీళ్లలో మునుగుతుంది. మా ఆవిడ హైడ్రోజన్ సల్ఫైడ్ టెస్టు సీసా తెప్పించి, నీళ్లు పోసి వంటింటి కిటికీ దగ్గర పెట్టింది. మర్నాటికి సీసాలో నీళ్లు కాటుకలా నల్లబడ్డాయి. మలంలో ఉండే బ్యాక్టీరియా ఉందేమోనని అనుమానించాల్సిన గుర్తు అది. ల్యాబుకు పంపితే ఈ-కొలై ఉందని, నైట్రేటు లీటరుకు 78 మిల్లీగ్రాములని వచ్చింది. నైట్రేటు 45 దాటకూడదు. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. కాచితే క్రిములు చస్తాయి కానీ నైట్రేటు పోదు, నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పసిపిల్లలకు పాలు కలిపే ఇంట్లో ఆ నీళ్లు అస్సలు వాడకూడదు.

బోరులో రెండుసార్లు బ్లీచింగ్ వేశాం. పది రోజులు బాగుండేది, మళ్లీ మామూలే. చివరికి బోరు కెమెరా వాళ్లను పిలిపించాం. తెర మీద పైపు అంచు, దాని కింద నాలుగడుగుల దాకా రాతి గోడ, తూర్పు వైపు పగులులోంచి కారుతున్న నల్లటి ధార స్పష్టంగా కనిపించాయి. పక్కింటాయనను పిలిచి చూపించాను. పాపం ఆయనే, "అన్నయ్యా, మా గుంతకు అడుగు లేదు, సిమెంటు వరలు దించి వదిలేశారు" అన్నాడు. వెళ్లి చూస్తే మా గుంతా అంతే. ట్యాంకని బిల్లు వేసి వరలు దించి పోతున్నారు. నిజమైన సెప్టిక్ ట్యాంకుకు అడుగున కాంక్రీటు, లోపల ప్లాస్టరింగు ఉండాలి, నీళ్లు నింపి ఒక రోజు వదిలితే మట్టం దిగకూడదు.

రిపేరు ఏంటంటే, పాత బోరులోనే ఐదంగుళాల పైపును 90 అడుగుల దాకా దించి, కింద రబ్బరు ప్యాకరుతో సందు మూసి, పైన సిమెంటు పాలు పోయించాం. నాలుగంగుళాల మోటారు అందులో పడుతుంది. రెండు ఇళ్ల గుంతలకూ అడుగు వేయించాం. మా కాలనీకి అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ రాలేదు, అందుకని నిండినప్పుడల్లా బండిని పిలిపించి తోడిస్తున్నాం. వాసన పోయింది, ఎండాకాలమంతా సీసా నల్లబడలేదు. నైట్రేటు మాత్రం 60 దగ్గరే ఉంది. నేలలో దిగిపోయింది అంత తొందరగా పోదు. తాగడానికి, వంటకు ఇప్పటికీ బయటి నీళ్లే.

మీరు డ్రిల్లరుతో మాట్లాడేటప్పుడు ప్యాకేజీ ఒప్పుకోకండి. కేసింగు అడుగుకింత అని విడిగా రాయించుకుని, గట్టి రాయిలోకి ఆరడుగులు వెళ్లేదాకా ఆపకూడదని ముందే చెప్పండి. పది అడుగులకొకసారి వచ్చిన పొడిని చిన్న కుప్పలుగా వరసగా పోయించి ఫోటో తీసుకోండి. పాయింటు పెట్టేముందు నాలుగు పక్కలవాళ్ల గుంతలు ఎక్కడున్నాయో అడగండి, ఖాళీ స్థలమైతే ఓనరుకు ఫోన్ చేయండి.

పోయిన ఆదివారం మా పడమర పక్క స్థలం ఆయన కొబ్బరికాయతో నీళ్లు చూసే ఆయనను వెంటబెట్టుకొచ్చాడు. ఈశాన్యంలోనే పాయింటు చూపించారు. ఆ మూల గోడకు ఇవతల ఉన్నది మా గుంతే. మూత తీయించి చూపించి, టేపు రెండో కొస ఆయన చేతికిచ్చాను. ఆరడుగులు. పాయింటును తూర్పు గోడ వెంబడే మధ్యకు, దక్షిణంగా 20 అడుగులు జరుపుకోవడానికి ఒప్పుకున్నారు.