పాత దస్తావేజులు స్కాన్ చేయించేవారికి హెచ్చరిక: ఫైలు చిన్నదైందని సంతోషించకండి

తిరుపతిలోని జిరాక్స్ షాపుల్లో పాత కాగితాలను స్కాన్ చేయించి పీడీఎఫ్ చేయించుకోదలచినవారు, స్కానింగు ఏ రంగు పద్ధతిలో, ఎంత రిజల్యూషన్‌తో చేస్తున్నారో అడగకుండా డబ్బు చెల్లించవద్దని మనవి. అడగనందుకు నాకు పది రోజులు వృథా అయ్యాయి.

చంద్రగిరి వైపు మాకున్న పొలం తాలూకు విక్రయ దస్తావేజును, మొత్తం 14 పేజీలు, 5 ఎంబీ మించకుండా మెయిల్ చేయమని చిత్తూరులోని మా వకీలుగారు అడిగారు. అది 1978 నాటి దస్తావేజు. స్టాంపు కాగితం పసుపెక్కింది, ఊదారంగు రబ్బరు ముద్ర వెలిసిపోయింది. షాపువారు అయిదు నిమిషాల్లో పని ముగించి, ఒక ఎంబీకి కూడా రాని ఫైలును నా ఫోనుకు పంపారు. ఇంత తేలికైన ఫైలు వచ్చిందని నేను మురిసిపోయాను. మర్నాడే వకీలుగారి గుమాస్తా ఫోన్ చేసి, "సార్, సబ్‌రిజిస్ట్రారు ముద్ర యాడా కనపడలేదే! సర్వే నంబరు 214/3 నా, 214/8 నా?" అని అడిగాడు.

ఫైలు తెరిచి పెద్దది చేసి చూస్తే సంగతి అర్థమైంది. షాపువారు స్కానర్‌లో Black & White ఎంచుకున్నారు. ఈ పద్ధతిలో ప్రతి చుక్కా నలుపుగానో తెలుపుగానో మిగలవలసిందే తప్ప మధ్యలో మరో ఛాయ ఉండదు. అందువల్ల లేత ఊదా ముద్ర తెలుపులో కలిసిపోయింది, సాక్షి వేలిముద్ర గీతలన్నీ కలిసి నల్లటి మచ్చగా మారాయి, చేతిరాతలోని 3 అంకె ఖాళీలు పూడుకుపోయి 8లా కనిపించింది. Grayscale పద్ధతిలో నలుపుకూ తెలుపుకూ నడుమ మొత్తం 256 ఛాయలు ఉంటాయి కనుక, వెలిసిన సిరా కూడా బూడిదరంగులోనైనా నిలిచి ఉంటుంది.

షాపువారు నలుపు–తెలుపును ఇష్టపడటానికి కారణం లేకపోలేదు. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో, అంటే అంగుళం పొడవుకు 300 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే దాదాపు 87 లక్షల చుక్కలు వస్తాయి. కుదించకముందు అవి నలుపు–తెలుపులో ఒక ఎంబీ, బూడిదఛాయల్లో 8.7 ఎంబీ, రంగుల్లో 26 ఎంబీ చోటు తీసుకుంటాయి. తెల్ల కాగితంపై లేజర్ ప్రింటరులో అచ్చయిన కొత్త పత్రానికైతే నలుపు–తెలుపు చక్కగా సరిపోతుంది. పసుపెక్కిన కాగితానికి మాత్రం పనికిరాదు.

మళ్లీ వెళ్లి నిలదీస్తే వారు రెండో తప్పు చేశారు. ఈసారి అన్ని పేజీలనూ 600 డీపీఐలో, పూర్తి రంగుల్లో తీశారు. డీపీఐ రెట్టింపైతే చుక్కలు నాలుగు రెట్లవుతాయి కాబట్టి ఫైలు 80 ఎంబీ దాటింది. దాన్ని 5 ఎంబీకి తేవడానికి ఏదో వెబ్‌సైటులో పెట్టి కుదించారు (మన ఆస్తి కాగితాలను మనల్ని అడగకుండా అలా ఎక్కించడం మరో దారుణం). ముద్ర రంగు వచ్చింది గానీ అక్షరాల చుట్టూ మసక మరకలు ఏర్పడి, హద్దుల వివరాలు చదవడానికి వీలులేకుండా పోయాయి. ఒకసారి చెరిగిపోయిన చుక్కలను తర్వాత ఏ ఉపాయంతోనూ తిరిగి రప్పించలేము. కాగితాన్ని మళ్లీ స్కానర్ మీద పెట్టవలసిందే.

చివరికి మిత్రుని ఇంట్లోని స్కానర్‌తో పేజీకి తగిన పద్ధతి పేజీకి పెట్టి చేసుకున్నాము. మామూలు చేతిరాత ఉన్న 10 పేజీలను బూడిదఛాయల్లో 200 డీపీఐకి తీస్తే ఒక్కొక్కటి 250 కేబీ చొప్పున రెండున్నర ఎంబీ అయ్యాయి. ముద్రలూ వేలిముద్రలూ ఉన్న 3 పేజీలను రంగుల్లో 200 డీపీఐకి తీస్తే మూడూ కలిపి 1.2 ఎంబీ వచ్చాయి. సర్వే నంబర్లు సన్నని రాతలో ఉన్న షెడ్యూలు పేజీ ఒక్కదానికే 300 డీపీఐ, బూడిదఛాయలు పెట్టాము. అది 600 కేబీ. అంతా కలిపి 4.3 ఎంబీ. ముద్రలోని అక్షరాలు, 214/3 రెండూ స్పష్టంగా ఉన్నాయని గుమాస్తా చెప్పాడు.

షాపువారు పేజీకి 10 రూపాయల చొప్పున తీసుకున్న డబ్బును తిరిగి ఇవ్వలేదు. ఫైలు తీసుకువెళ్లాక తమకు సంబంధం లేదన్నారు. కాబట్టి షాపులో ఉండగానే మీ కాగితంలో అన్నిటికంటే వెలిసిన ముద్రను, అన్నిటికంటే సన్నని అంకెను వారి కంప్యూటర్ తెర మీద 400 శాతానికి పెంచి చూపించమనండి. అక్కడ చుక్కలు నలుపు, తెలుపు మాత్రమే అయి అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తే అది Black & White; అక్షరాల చుట్టూ మసక మరకలు ఉంటే అతిగా కుదించినది. రెండింటిలో ఏది కనిపించినా డబ్బు ఇవ్వకముందే మళ్లీ తీయించుకోండి.