ఉద్యోగమా, ఎంటెక్కా: అవకాశ వ్యయం లెక్క

ఒకటి ఎంచుకున్నప్పుడు, వదులుకున్న వాటిలో మేలైన దాని విలువే అవకాశ వ్యయం. వదులుకున్నవన్నీ కలిపి కూడకూడదు, ఒక్కటే.

బీటెక్ అయిన నీకు హైదరాబాద్‌లో చేతికి నెలకు 30,000 వచ్చే ఉద్యోగం వచ్చిందనుకో. గేట్ స్కోరుతో ఎంటెక్ సీటూ వచ్చింది: రెండేళ్లకు ఫీజు లక్ష, నెలకు 12,400 స్టైపెండ్.

ఉద్యోగం వైపు: గదికి, తిండికి 10,000 పోతే నెలకు 20,000 మిగులుతుంది. రెండేళ్లకు 4,80,000.

ఎంటెక్ వైపు: హాస్టల్‌కు 6,000 పోగా స్టైపెండ్‌లో 6,400 మిగులుతుంది. రెండేళ్లకు 1,53,600. ఫీజు తీసేస్తే 53,600.

తేడా 4,26,400. ఇంట్లో అందరూ "ఎంటెక్‌కు లక్షేగా" అంటారు కానీ, నీకు పడే అసలు ఖర్చు ఇది. తిండి ఖర్చు రెండు వైపులా ఉంటుంది కాబట్టి దానిలో తేడానే లెక్కకొస్తుంది. బీటెక్‌కు కట్టిన ఫీజు మాత్రం ఏ వైపూ రాదు. ఏది ఎంచుకున్నా అది తిరిగి రాదుగా!

ఎక్కువమంది తప్పేది ఇక్కడే: ఎంటెక్ తర్వాతి జీతాన్ని 30,000తో పోలుస్తారు. రెండేళ్ల అనుభవంతో ఆ ఉద్యోగంలోనే 38,000 వస్తుండొచ్చు. ఎంటెక్ తర్వాత 50,000 వస్తే లాభం నెలకు 12,000 మాత్రమే. 4,26,400 రాబట్టడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. ఉద్యోగంలో చేరితే, ఎంటెక్ చేసి ఉంటే ఆ మూడేళ్ల తర్వాత కూడా నెలనెలా అదనంగా వచ్చి ఉండే ఆ 12,000 నువ్వు వదులుకున్నట్టే. ఎంటెక్ తర్వాతి జీతం 42,000 దగ్గరే ఆగితే మాత్రం ఖర్చు రాబట్టడానికి దాదాపు తొమ్మిదేళ్లు.